కుక్క ట్రైనర్‌కు డబ్బు కట్టే ముందు

"మా కుక్కకు ఏడాదిన్నర. నడకకు తీసుకెళ్తే వేరే కుక్క కనబడగానే తాడు లాగుతూ మొరుగుతుంది. ఒక ట్రైనర్ మూడు వారాలు తన దగ్గర ఉంచితే మాన్పిస్తానని గ్యారంటీ ఇస్తున్నారు. డబ్బు మొత్తం ముందే కట్టాలట. నమ్మవచ్చా?"

గ్యారంటీ అన్న మాట దగ్గరే నేనైతే ఆగిపోతాను. కుక్క ప్రవర్తన దాని భయాలు, ఆరోగ్యం, పాత అనుభవాలు, మీరు పట్టుకునే తీరు, ఇన్నింటి మీద ఆధారపడుతుంది. కష్టపడతానని ట్రైనర్ మాట ఇవ్వవచ్చు, ఫలితానికి ఇవ్వలేరు. పైగా చాలా దేశాల్లో ఈ వృత్తికి లైసెన్సు అక్కర్లేదు. బోర్డు పెట్టినవారంతా ట్రైనర్లే.

మా కుక్కదీ ఇదే సమస్య. కలిసిన ప్రతి ట్రైనర్‌నూ మూడు ప్రశ్నలు అడిగాను. మా కుక్క సరిగా చేస్తే దానికి ఏం జరుగుతుంది? చేయకపోతే ఏం జరుగుతుంది? ఇంతకంటే మెత్తని పద్ధతి ఉందా, ఉంటే అదెందుకు వద్దు?

ఒకాయన రెండో ప్రశ్నకు "చిన్న కరెక్షన్ ఇస్తాం" అన్నారు. కరెక్షన్ అంటే మీ చేయి ఏం చేస్తుంది, కుక్క మెడకు ఏం తగులుతుంది అని మళ్లీ అడిగాను. "దానికి యజమాని ఎవరో తెలియాలండీ" అని మాట దాటేశారు. ఆయన బల్ల మీద లోపలికి పళ్లున్న ఇనుప పట్టీ ఉంది. మెత్తని మాటల వెనక ఏముందో ఇలా గుచ్చి అడిగితేనే బయటపడుతుంది. ఈ-కాలర్ అంటే కరెంటు షాక్ ఇచ్చే పట్టీయే, స్టిమ్ అంటే ఆ షాకే. బ్యాలెన్స్‌డ్ ట్రైనింగ్ అంటే బహుమతితో పాటు శిక్ష కూడా ఉంటుందని అర్థం.

మరొకావిడ జవాబు వేరు. "మొరిగిందంటే నేను దాన్ని మరీ దగ్గరికి తీసుకెళ్లానన్నమాట. వెనక్కి వచ్చేస్తాను" అన్నారు. అవతలి కుక్క కనిపిస్తున్నా మనది తిండి తినగలిగేంత దూరం నుంచి ఆవిడ మొదలుపెడతారు. ఆ కుక్క కనబడగానే మాంసం ముక్కలు వస్తాయి, కనుమరుగవగానే ఆగిపోతాయి. కొన్నాళ్లకు వేరే కుక్కను చూస్తే మనది తిండి కోసం మన వైపు తిరుగుతుంది. అప్పుడు కొద్దికొద్దిగా దూరం తగ్గిస్తారు. నెమ్మదిగా సాగే పని ఇది, వారాల లెక్క ముందే చెప్పడం కుదరదు.

తాడు గుంజితే జరిగేది దీనికి తలకిందులు. ఇలాంటి మొరుగుడు వెనక చాలాసార్లు ఉండేది భయమే. వేరే కుక్క కనబడినప్పుడల్లా మెడకు నొప్పి తగిలితే ఆ కుక్కల మీద భయం ఇంకా బలపడుతుంది. మొరగడం ఆగవచ్చు, భయం పోదు. గుర్రుమంటే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క గుర్రుమనకుండానే కరిచే ప్రమాదం ఉంది. 2021లో అమెరికా పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం (ఏవీఎస్ఏబీ) బహుమతి ఆధారిత శిక్షణనే వాడాలని చెప్పింది.

"నువ్వే ఆల్ఫా కావాలి", అంటే కుక్క మీద పెత్తనం చేసే గుంపు నాయకుడివి కావాలి అనే ట్రైనర్లూ తగులుతారు. బోనులో కలిపి ఉంచిన తోడేళ్లను గమనించి 1947లో షెంకెల్ అనే పరిశోధకుడు రాసిన పరిశీలనల నుంచి ఈ ఆలోచన ప్రచారంలోకి వచ్చింది. అడవి తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999లో వివరించారు. ఇంకా ఆ పాత పాటే పాడేవారికి నేను డబ్బు ఇవ్వను.

డబ్బు కట్టే ముందు ఒక క్లాసు చూడనివ్వమనండి. అక్కడ ట్రైనర్ మీద కన్నా కుక్కల మీద కన్నేయండి. ట్రైనర్ దగ్గరికి రాగానే తోక కాళ్ల మధ్యకు పోతోందా, చెవులు వెనక్కి వాలుతున్నాయా, తిండి లేకపోయినా మూతి నాకుతోందా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తోందా? నేను చూసిన ఒక క్లాసులో "ఎంత బుద్ధిగా కూర్చుందో చూడండి" అని ఒక కుక్కను చూపించారు. దాని నోరు బిగుసుకుపోయి ఉంది, ముక్కు దగ్గర పెట్టిన బిస్కెట్‌ను తినలేదు. బుద్ధి కాదది, బిగుసుకుపోవడం.

ఇక మూడు వారాలు వదిలేయడం. అక్కడ ఏం చేస్తున్నారో మీకు కనిపించదు, తాడు పట్టుకోవడం మీకు రాదు. తప్పనిసరైతే చెప్పకుండా వచ్చి చూడవచ్చా, పూర్తి సెషన్ల వీడియోలు ఇస్తారా అని అడగండి. కత్తిరించి అతికించిన ముప్పై సెకన్ల వీడియోలు పనికిరావు.

అన్నిటికంటే ముందు పశువైద్యుడికి చూపించండి. కీళ్ల నొప్పి, చెవిపోటు ఉన్న కుక్కకూ చిరాకు ఎక్కువే. తర్వాత ట్రైనర్‌కు ఒక్క సెషన్‌కే డబ్బు ఇస్తానని చెప్పండి. మధ్యలో మానేస్తే మిగతా డబ్బు సంగతేమిటో, మీ అనుమతి లేకుండా ఏ పట్టీ వాడకూడదో కాగితం మీద రాయించుకోండి. ఆ రెండో మాటకు సంతకం పెట్టడానికి వెనకాడితే ఇంకో ట్రైనర్‌ను వెతకండి.