జవాబు రాని మెయిల్‌కి రెండో మెయిల్ ఎలా రాయాలి

కొత్తగా వచ్చినవాళ్లు కొందరు తాము పంపిన మెయిల్ నాకు చూపించి, "ఇందులో తప్పేముందండీ, ఆవిడ ఎందుకంత ముభావంగా జవాబిచ్చింది?" అని అడుగుతుంటారు. మొదటి మెయిల్‌లో చాలావరకు ఏ లోపమూ కనిపించదు. దానికి జవాబు రాకపోతే గుర్తుచేస్తూ రాసే రెండో మెయిల్‌లోనే చిక్కు వస్తుంది.

మొన్నీమధ్య ఉద్యోగంలో చేరిన ఒకబ్బాయి సంగతి చెబుతాను. ఇల్లు అద్దెకి ఇవ్వాలంటే ఉద్యోగం, జీతం నిజమేనని కంపెనీ రాసిచ్చే లెటర్ కావాలన్నారు. మే 6 సోమవారం హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాడు. గురువారం దాకా ఉలుకూ పలుకూ లేదు. ఇంటి ఏజెంటు పెట్టిన గడువు మే 14 మంగళవారం. ఆ టెన్షన్‌లో ఇలా రాశాడు:

"డియర్ మేడమ్, యాజ్ ఐ ఆల్రెడీ టోల్డ్, ఐ నీడ్ ద లెటర్. స్టిల్ ఐ డిడ్ నాట్ గెట్ ఎనీ రిప్లై. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ యాట్ ది ఎర్లియెస్ట్."

అరగంటలో జవాబొచ్చింది. మీ మెయిల్ అందింది, వచ్చిన వరుసలో చూస్తున్నాం అని, అంతే. ఎప్పుడిస్తారో అందులో లేదు.

అతని మనసులో ఉన్న మాట వేరు. "మేడమ్ గారూ, మొన్న చెప్పాను కదండీ, ఆ లెటర్ ఇంకా రాలేదు. కాస్త చూస్తారా?" అన్నది అతని ఉద్దేశం. మన మాటల్లో మర్యాదంతా "గారూ", "కదండీ", "కాస్త" మోస్తాయి. చెప్పిన విషయం మళ్లీ చెప్పడం మనకి తప్పు కాదు, మాట కలపడానికి అదొక దారి. ఇంగ్లీషులో పెట్టేసరికి ఆ మెత్తని ముక్కలన్నీ రాలిపోయి "ఆల్రెడీ", "స్టిల్" మాత్రం మిగిలాయి. ఆ రెండూ ఎదుటివాళ్ల ఆలస్యాన్నే వేలెత్తి చూపిస్తాయి. చదివినావిడకి "ఒకసారి చెప్పాక కూడా వినిపించుకోలేదేం?" అన్నట్టుంటుంది.

వ్యాకరణం సరిచేస్తే సరిపోతుందనుకుని కొందరు "టోల్డ్" పక్కన "యు" చేరుస్తారు. వాక్యం సరిగ్గా ఉంటుంది గానీ అప్పుడు మరీ కటువవుతుంది, పాఠం వినని పిల్లాణ్ణి టీచరు మందలించినట్టు. "యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్" అన్నదీ పైకి మర్యాదగా కనిపిస్తుంది గానీ, చాలా ఆఫీసుల్లో దాన్ని కోపానికి గుర్తుగానే చదువుతారు. "డూ ద నీడ్‌ఫుల్" తిట్టేమీ కాదు, కాకపోతే అవతలివాళ్లు ఏం చేయాలో అందులో లేదు. "ప్లీజ్ రివర్ట్" కూడా వద్దు. జవాబివ్వండి అన్న అర్థంలో దాన్ని మనవాళ్లు వాడినంతగా బయటివాళ్లు వాడరు, పాత స్థితికి మార్చమంటున్నారేమో అనుకునే వీలుంది.

అదే మెయిల్ నేనైతే ఇలా రాయమంటాను. పైన ఆవిడ పేరు పెట్టి "హాయ్" అంటే చాలు. ఆవిడ తన మెయిల్స్ కింద ఏ పేరుతో సంతకం చేస్తుందో ఆ పేరే వాడండి. ఆ తర్వాత:

"ఐయామ్ ఫాలోయింగ్ అప్ ఆన్ మై రిక్వెస్ట్ ఆఫ్ మండే, 6 మే, ఫర్ యాన్ ఎంప్లాయ్‌మెంట్ లెటర్. ఐ నీడ్ టు గివ్ ఇట్ టు మై రెంటల్ ఏజెంట్ బై ట్యూస్‌డే, 14 మే. వుడ్ ఇట్ బి పాసిబుల్ టు హావ్ ఇట్ బై మండే, 13 మే? ద లెటర్ షుడ్ షో మై జాబ్ టైటిల్, స్టార్ట్ డేట్ అండ్ శాలరీ. ఇఫ్ సమ్‌వన్ ఎల్స్ హ్యాండిల్స్ దిస్, ప్లీజ్ లెట్ మీ నో."

ఇందులో "ఆల్రెడీ" చేయాల్సిన పని తేదీ చేసింది. మే 6 అని రాస్తే ఎన్ని రోజులైందో ఆవిడే లెక్కేసుకుంటుంది, మనం అననక్కర్లేదు. నెలని అక్షరాల్లోనే రాయండి. 6/5 అని రాస్తే కొన్ని దేశాల్లో మే 6, కొన్నిచోట్ల జూన్ 5 అవుతుంది. గడువు ఎందుకుందో ఒక్క ముక్క చెప్పడం వల్ల తొందర మనది కాదనీ, బయటినుంచి వచ్చిందనీ తెలుస్తుంది. లెటర్‌లో ఏముండాలో మళ్లీ రాశాం కాబట్టి ఆవిడ పాత మెయిల్ వెతుక్కోనక్కర్లేదు. జవాబులు ఆగిపోవడానికి ఇదీ ఒక కారణమే. మెయిల్ చూస్తారు, తర్వాత చేద్దామనుకుంటారు, ఈలోగా అది కిందికి జారిపోతుంది. ఇక చివరి వాక్యం ఆవిడకి తప్పుకునే దారి ఇస్తుంది. ఆ పని నిజంగానే ఇంకొకరిదైతే ఒక్క పేరు రాసి పంపేస్తుంది.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా మీరు మొదట పంపినదానికే రిప్లై కొట్టి, ఆవిడ అడ్రస్‌కే పంపండి. పాత మెయిల్ తేదీతో సహా కింద ఉంటుంది. ఎర్రటి అర్జెంట్ గుర్తు పెట్టకండి. మేనేజర్‌ని సీసీలో చేర్చడం అంటే మాట్లాడకుండా ఫిర్యాదు చేయడమే. రెండో మెయిల్‌లో దాని అవసరం రాదు.

ఎన్నాళ్లు ఆగాలన్నది గడువుని బట్టి ఉంటుంది. తొందర లేకపోతే మూడు నుంచి ఐదు పనిదినాలు ఆగడం సబబుగా ఉంటుంది. ఈ అబ్బాయికి వారం కూడా లేదు కాబట్టి గురువారం రాయడంలో తప్పు లేదు. అసలు గడువు సంగతి సోమవారమే, మొదటి మెయిల్‌లోనే రాసి ఉండాల్సింది. తేదీ లేని మెయిల్ ఎప్పుడైనా చూడొచ్చనిపిస్తుంది. ఆటోమేటిక్‌గా సెలవు మెయిల్ ఏమైనా వచ్చిందేమో కూడా ఒకసారి చూసుకోండి. తిరిగొచ్చే తేదీ, బదులు ఎవరిని అడగాలో సాధారణంగా అందులోనే ఉంటుంది.

దురుసుగా ఉంటుందేమోనన్న భయంతో కొందరు మరీ అటువైపు వెళ్లిపోతారు. "సారీ టు డిస్టర్బ్ యు" అని మొదలుపెట్టి, మీరు బిజీ అని తెలుసు, మళ్లీ సారీ అంటూ ఐదు వాక్యాలు రాస్తారు. ఏం కావాలో చివర్లో ఎక్కడో ఉంటుంది. ఆ మెయిల్ మర్యాదగానే ఉంటుంది కానీ పని జరగదు. రావాల్సిన లెటర్ అడిగినందుకు క్షమాపణ అక్కర్లేదు.

అడ్వాన్సు తిరిగివ్వని ఇంటి ఓనరుతోనో, జీతం ఆపిన కంపెనీతోనో వ్యవహారం వేరు. అక్కడ గట్టిగా రాయాల్సిందే, అయినా "ఆల్రెడీ" అక్కర్లేదు. ఫలానా తేదీన, మళ్లీ ఫలానా తేదీన రాశాను, జవాబు అందలేదు, ఫలానా తేదీలోగా ఇవ్వగలరు అని తేదీలు వరుసగా పెట్టండి. రేపు వ్యవహారం ముదిరి ఎవరికైనా చూపించాల్సి వస్తే, ఆ కాగితంలో కోపం కన్నా తేదీలే మీకు అక్కరకొస్తాయి.

మన అబ్బాయి గురువారం ఇలా మెత్తగా రాసినా, శుక్రవారం మధ్యాహ్నం దాకా కూడా జవాబు రాలేదనుకోండి. మూడో మెయిల్ వద్దు, ఫోన్ చేయండి లేదా వాళ్ల డెస్కు దగ్గరికి వెళ్లండి. "మెయిల్ చూశారా?" అని మొదలుపెట్టకండి, చూడలేదంటే ఆవిడకి ఇబ్బంది. "మంగళవారానికి ఒక లెటర్ కావాలి, మీ దగ్గరికే రావాలా, ఇంకెవరినైనా అడగాలా?" అనండి. లెటర్ చేతికొచ్చాక థాంక్స్ చెబుతూ ఒక్క వాక్యం రాయండి, అందులో "ఫైనల్లీ" అన్న మాట మాత్రం వేయకండి.