రివ్యూయర్‌కు రాసే జవాబులో కోపమూ వద్దు, పొగడ్తా వద్దు

ప్రశ్న: అయ్యా, నేను రొయ్యల చెరువులు చేసేవాడిని. మా అమ్మాయి భీమవరం చుట్టుపక్కల వెన్నామి చెరువుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. జర్నల్ వాళ్లు తన పేపరును పరిశీలించిన రివ్యూయర్ వ్యాఖ్యలు పంపి, మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపాలి అన్నారు. ఎడిటరుకు తను రాసిన జవాబు పంపుతున్నాను, మర్యాదగా ఉందో లేదో చూడండి. డబ్బు తీసుకుని ఇలాంటివి రాసిపెట్టే సంస్థకు ఇస్తే మంచిదంటున్నారు. ఈ పేపరు పోతే తన భవిష్యత్తు ఏమవుతుంది?
— ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: అయ్యా, పేపరు మీద ఆసక్తి లేని ఎడిటరు మార్పులు అడగరు, తిప్పి పంపేస్తారు. కాబట్టి ముందు మీరు కుదుటపడండి. పీహెచ్‌డీ సమర్పణకు ముందే పేపరు అచ్చు కావాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది. విశ్వవిద్యాలయానికి సొంత నియమం ఉందేమో మీ అమ్మాయి తన గైడును అడిగితే తెలుస్తుంది.

ఉత్తరం చదివాను. అందులో ముఖ్యమైన దోషాలు రెండున్నాయి, రెండూ రివ్యూయర్ మూడో వ్యాఖ్యకు రాసిన జవాబులోనే కనిపిస్తాయి. చెరువుల్లో ఆక్సిజన్ సరిపడా ఉందని రచయితలు ఏ వేళ కొలిచి చెబుతున్నారని రివ్యూయర్ అడిగారు. మీ అమ్మాయి రెండు వాక్యాలు పొగడ్తతో మొదలుపెట్టి, ఆ వెంటనే ‘రివ్యూయర్ మా పద్ధతుల భాగాన్ని సరిగా చదవలేదు, క్రమం తప్పకుండా కొలిచామని అక్కడ స్పష్టంగా ఉంది’ అని రాసింది. ఎడిటరు ఈ జవాబును సాధారణంగా అదే రివ్యూయర్‌కు పంపుతారు. పైన పెట్టిన పొగడ్త కింద ఉన్న నిందను దాచలేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అడిగింది వేళ గురించి అయితే, చెప్పింది క్రమం గురించి.

ఆ ప్రశ్న ఎంత న్యాయమైనదో మీకు నేను చెప్పనక్కరలేదు. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు, అడుగున ఉన్న బురద ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి, ఎండ లేనందున కొత్తగా తయారు కాదు. కనుక తెల్లవారే ముందు అది బాగా పడిపోతుంది. మీరు రాత్రిళ్లు ఏరేటర్లు తిప్పించేది అందుకే కదా. మీ అమ్మాయి జతపరిచిన పట్టికలో కొలతలన్నీ ఉదయం పది గంటలవే. అప్పటికి ఎండెక్కి ఆక్సిజన్ కోలుకుంటూ ఉంటుంది. అందువల్ల ఇక్కడ మర్యాద అంటే ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడమే.

జవాబు ఇంగ్లీషులో ఇలాంటి అర్థం వచ్చేలా ఉండాలి: ‘ఈ విషయం చూపినందుకు కృతజ్ఞతలు. కొలతలన్నీ ఉదయం 10 గంటలకు తీసినవే, తెల్లవారుజాము విలువలు మా వద్ద లేవు. అందువల్ల “చెరువుల్లో ఆక్సిజన్ సరిపడా ఉంది” అన్న వాక్యాన్ని “ఉదయం 10 గంటలకు తీసిన కొలతల్లో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గలేదు” అని మార్చాము. ఈ పరిమితిని చర్చ భాగంలోనూ చేర్చాము.’ దీనికి పైన రివ్యూయర్ వ్యాఖ్యను పూర్తిగా, ఒక్క మాట తగ్గించకుండా ఉంచాలి. కింద, మార్చిన వాక్యం ఏ పేజీలో, ఏ వరుసలో ఉందో రాయాలి. ‘తగిన విధంగా సవరించాము’ అని ఊరుకుంటే వెతుక్కునే పని చదివేవారి మీద పడుతుంది.

మరో పంట వేసి ఫలితాలు చూపమన్న రెండో వ్యాఖ్యను ఒప్పుకోనవసరం లేదు. అయితే ‘ఇది మా పరిశోధన పరిధిలో లేదు’ అన్న ఒక్క ముక్క చాలదు. కొత్త పంటకు నెలల సమయం పడుతుందని, ఈ పేపరు ఒక్క పంటలో కనిపించినదాన్నే చెబుతోందని, ఆ మేరకు శీర్షికలోనూ సారాంశంలోనూ మాటలు తగ్గించామని వివరించాలి. నిజంగా తగ్గించిన తరువాతే ఆ మాట రాయాలి.

రాసిపెట్టే సంస్థల సంగతికి వస్తే, వాటిపై నాకు గట్టి సందేహాలున్నాయి. భాషాదోషాలు దిద్దించుకోవడంలో తప్పు లేదు, కానీ ఆక్సిజన్‌ను ఏ వేళ కొలిచారో ఆ దిద్దేవారికి తెలియదు. తెలియని చోట వారు నున్నటి వాక్యం పెడతారు. చేయని కొలతను చేసినట్టు ధ్వనించే ఒక్క వాక్యం అచ్చయిందంటే, దానికి సంజాయిషీ చెప్పుకోవలసింది మీ అమ్మాయే, సంస్థ కాదు. ఇంకొక మాట, కోపగించుకోకండి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో కౌంటు అడిగినట్టు మీరు ఎన్ని పేపర్లు వచ్చాయని అడుగుతుంటే, ఆ పిల్ల తొందరపడి కోపంతో రాయక ఏం చేస్తుంది? గడువు చాలకపోతే, అది ముగిసేలోపే ఎడిటరుకు కారణం చెప్పి మరికొన్ని వారాలు అడగవచ్చు. అలా అడగడం మామూలే.

సరిచేసిన ఉత్తరాన్ని గైడుకు చూపించాక, పంపే రోజున వరుసల సంఖ్యలను చివరి ప్రతితో మరోసారి సరిచూసుకోమనండి. మార్పుల గుర్తులున్న ప్రతిలోనూ, అవి తీసేసిన ప్రతిలోనూ ఆ సంఖ్యలు వేరుగా ఉండవచ్చు కనుక, ఏ ప్రతివి ఇస్తున్నామో ఉత్తరం మొదట్లోనే రాయాలి.