ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్: రెండో తరగతికి లెక్కలు ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఆదోని దగ్గర ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చూస్తున్నాను. సగం మంది పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, కొందరు తండా నుంచి వస్తారు. లెక్కల్లో ఇంటి భాష వాడమని ట్రైనింగ్‌లో చెప్పారు. నాకు ఉర్దూ అంతంత మాత్రం, లంబాడీ అసలే రాదు. పిల్లలు రెండంకెల సంఖ్యల దగ్గరే ఆగిపోతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మేడమ్, మొదట ఏ పిల్లకు ఏ భాషలో ఎంతవరకు లెక్కపెట్టడం వచ్చో చూడండి. నేను కర్నూలు పాతబస్తీ వైపు చిన్న తరగతులు చెప్తున్నాను, ప్రతి జూన్‌లో నా మొదటి పని ఇదే. ఒక డబ్బాడు చింతపిక్కలు కింద పోసి, ఒకే భాష మాట్లాడే ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడతాను. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు వినాలి. పలక వద్దు, పుస్తకం వద్దు. నేను కాస్త దూరంగా కూర్చుని భాష ఎక్కడ మారుతుందో వింటాను. ఉర్దూ పిల్లల్లో కొందరు బీస్ దాకా ఉర్దూలో చెప్పి, ఆ తర్వాత తెలుగులోకో ఇంగ్లీష్‌లోకో వచ్చేస్తారు. కిరాణా కొట్టు ఉన్న ఇంటి పిల్లలు ఉర్దూలో చాలా దూరం పోతారు. నా దగ్గరికి వచ్చిన తండా పిల్లల్లో ఎక్కువ మంది పది వరకు లంబాడీలో, ఆ పైన తెలుగులో చెప్పారు. అంటే ఇంట్లో మాట్లాడే భాష ఒకటైనా, పెద్ద సంఖ్యలకు వాళ్ల నోట్లో ఉన్న పేర్లు వేరే భాషవి కావచ్చు. ఇది రాసి పెట్టుకుంటే, ఎవరికి ఏ భాష ఎక్కడ పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

రెండంకెల దగ్గర ఉర్దూ పిల్లలు ఆగడానికి ఒక కారణం ఆ పేర్లలోనే ఉంది. తెలుగులో ఇరవై ఐదు అన్నప్పుడు పదులు ముందొస్తాయి, ఒకట్లు తర్వాత వస్తాయి. మనం రాసేదీ అదే వరుసలో. ఉర్దూలో పచ్చీస్ అన్నప్పుడు ఐదు శబ్దం ముందు వినిపిస్తుంది, ఇరవై శబ్దం తోకలో ఉంటుంది. విన్న వరుసలో రాసే పిల్ల 52 రాస్తుంది. తొమ్మిదితో ముగిసే సంఖ్యల్లో ఇంకో చిక్కు ఉంది. 29ని ఉన్తీస్ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39, 49, 59 పేర్లు కూడా అలాగే తర్వాతి పదిని పట్టుకుని ఉంటాయి. ఆ పేరులో తీస్ విని, తొమ్మిది ఉంటుందని గుర్తొచ్చి, పిల్ల 39 రాస్తుంది. కన్నడ మాట్లాడే పిల్లలకు ఈ ఇబ్బంది రాదు, ఇప్పత్తైదు కూడా మన ఇరవై ఐదు వరుసలోనే నడుస్తుంది. మీ ఆదోని వైపు కన్నడ పిల్లలు కూడా ఉంటారు కాబట్టి చెప్తున్నా.

అందుకే తప్పులను కలిపి లెక్కేయకండి, విడివిడిగా చూడండి. పలక మీద తప్పులు 29, 39, 49 లాంటి వాటిలోనే ఉంటే, పిల్లకు పదులు, ఒకట్లు తెలుసు, పేరు దగ్గర తడబడుతోంది. 52, 25 తారుమారు అవుతుంటే, పుల్లలతో రెండు కట్టలు, ఐదు విడి పుల్లలు పెట్టి చూపించమనండి. సరిగ్గా పెట్టి తప్పుగా రాస్తే అది రాత వరుస సమస్య. పుల్లలు కూడా తప్పుగా పెడితే మాత్రం పదుల భావనే ఇంకా కుదరలేదు, అప్పుడు ఏ భాషలో చెప్పినా ముందుకు పోదు.

మా బడిలో ఒక పాప ఎప్పుడూ 29కి 39 రాసేది. ఉర్దూలో గడగడా వంద దాకా చెప్పేది, అందుకే ఇంట్లో వాళ్లకు ఆమెకు లెక్కలు బాగా వచ్చనే నమ్మకం. మధ్యాహ్న భోజనానికి వచ్చే గుడ్ల ట్రే తీసుకున్నాను. వరుసకు ఐదు చొప్పున ఆరు వరుసలు, మొత్తం ముప్పై గుంటలు. రెండు వరుసలు కలిస్తే ఒక పది. గుడ్లకు బదులు కాగితం ఉండలు పెట్టించి, రెండేసి వరుసలకు ఒక దారం కట్టించాను. మూడు పదులు నిండాయి, తీస్ అంది. చివరి ఉండ ఒకటి తీసేయమన్నాను. ఇప్పుడు ఎన్ని అంటే ఉన్తీస్ అని వెంటనే చెప్పింది. నిండిన పదులు ఎన్ని అని అడిగితే దారాలు ముట్టుకుంటూ చూసి, దో అంది. మూడో దారంలో ఎన్ని ఉన్నాయంటే నౌ. అప్పుడు పలక ఇచ్చాను, 29 రాసింది. పక్కనున్న పిల్లతో "తీస్ మే ఏక్ కమ్" అని తనే చెప్పింది. అప్పటిదాకా ఆమెకు ఉన్తీస్ ఉత్త పేరే. మర్నాడు అదే ట్రేకు ఇంకో పది చేర్చి 39 చేయించాను. తర్వాత 30లో 1, 40లో 1 తీసివేతలు చెప్పడానికి ఆ పేర్లే పనికొచ్చాయి. పక్కన కూర్చున్న తెలుగు పిల్లలు కూడా ఇరవై తొమ్మిది అంటే ముప్పైకి ఒకటి తక్కువని అప్పుడే పట్టుకున్నారు.

క్లాసు మొత్తానికైతే చీపురు పుల్లలు చాలు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు చేయించండి, కట్టేది పిల్లలే కావాలి. 25కి రెండు కట్టలు, ఐదు పుల్లలు తీసి, ముందు మామూలు పేరు చెప్పించకుండా "దో దస్, పాంచ్" అనిపించండి. తెలుగు పిల్లలతో "రెండు పదులు, ఐదు". కొన్ని రోజులు ఈ మాటే నడవనివ్వండి. ఇది ఏ భాషలోనైనా ఒకే వరుసలో ఉంటుంది, రాసే వరుస కూడా ఇదే. మీకు ఉర్దూలో ఒకటి నుంచి పది వరకు వస్తే చాలు, తొంభై తొమ్మిది దాకా పేర్లన్నీ ఈ పద్ధతిలో మీరే చెప్పగలరు. ఇది కుదిరాక పచ్చీస్, ఇరవై ఐదు, ట్వంటీఫైవ్ మూడూ ఆ కట్టల పక్కకే తీసుకురండి.

రాతకు అట్టముక్కల కార్డులు చేసుకోండి. 10, 20 నుంచి 90 దాకా వెడల్పు కార్డులు, 1 నుంచి 9 దాకా సగం వెడల్పు కార్డులు. 20 కార్డులోని సున్నా మీద 5 కార్డు పెడితే 25 కనిపిస్తుంది, ఎత్తి చూస్తే కింద 20 ఉంటుంది. విన్నది విన్నట్టు 205 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, వాళ్లకు ఈ ఒక్క కార్డు ఎంతో మేలు చేస్తుంది.

ఇంగ్లీష్ దగ్గర థర్టీన్, థర్టీ పిల్లలకు దాదాపు ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో పదమూడు, ముప్పై అంటే పొరపాటుకు చోటే లేదు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, ఈ చోట ముందు తెలుగు పేజీ తెరవండి. తెలుగు ఇంటి పిల్లలకు కూడా ఇంటి భాష వంతెనగా కావాలి, అది ఉర్దూ, లంబాడీ పిల్లల కోసమే అనుకుంటే సగం తరగతిని వదిలేసినట్టే.

ఇక మాటల లెక్కలు. ఇక్కడ ఇంటి భాషను నేను ఎక్కువగా పరీక్షకు వాడతాను. ఒకే లెక్కను రెండు భాషల్లో, వేర్వేరు రోజుల్లో అడగండి. "రఫీ దగ్గర 8 గోళీలు ఉన్నాయి. సీను కంటే రఫీ దగ్గర 3 ఎక్కువ. సీను దగ్గర ఎన్ని?" చాలామంది ఎక్కువ అనే మాట వినగానే కూడి 11 అంటారు. అదే లెక్కను ఐదో తరగతి అమ్మాయితో చెప్పించండి: "రఫీ కే పాస్ ఆఠ్ గోలియా హై, సీను సే తీన్ జాస్తీ. సీను కే పాస్ కిత్తే?" ఉర్దూలో కూడా 11 అంటే ఆ పిల్లకు పోలిక లెక్క ఇంకా రాలేదు. చింతపిక్కలతో రఫీ వరుస పైన ఎనిమిది పెట్టించండి. అందులో ఎక్కువైన మూడింటిని పక్కకు జరిపించి, మిగిలిన వాటికి ఒక్కొక్కదానికి జతగా కింద సీను వరుస పెట్టించండి. ఉర్దూలో 5 అని, తెలుగులో 11 అంటే లెక్క వచ్చు, తెలుగు వాక్యం రాలేదు. అలాంటి పిల్లకు మళ్లీ తీసివేతలు చేయించి లాభం లేదు. ఇద్దరు పిల్లలను నిలబెట్టి ఎవరికంటే ఎవరు పొడుగు, ఎవరి సంచి కంటే ఎవరి సంచిలో పుస్తకాలు ఎక్కువ అని "కంటే" మాటనే నోట్లో ఆడించాలి. ఈ తేడా తెలియక ఎంతమంది తెలివైన పిల్లలను మనం లెక్కల్లో వెనకబడ్డారని రాసేస్తున్నామో తలచుకుంటే నాకు బాధేస్తుంది.

ఐదో తరగతి పిల్లకు మీరు లెక్క ముందే చెప్పి, ఒకసారి మీ ముందు చెప్పించుకోండి. జవాబు మాత్రం చెప్పొద్దని గట్టిగా చెప్పాలి, పెద్ద పిల్లలు ఉండబట్టలేక చెప్పేస్తారు. వంట చేసే అక్కకు ఆ భాష వస్తే ఆమెను అడగండి, సంతోషంగా వస్తారు.

తండా పిల్లల విషయంలో నా అభిప్రాయం కాస్త వేరు. ఇరవై పైన సంఖ్యలు వాళ్లు తెలుగులోనే చెప్తుంటే, ఎవరినో అడిగి లంబాడీ పేర్లు రాసుకొచ్చి నేర్పించడం అనవసరం. అది వాళ్లకు ఇంకో కొత్త భాష అవుతుంది. వాళ్లకు లంబాడీ కావలసింది కథకు, పోలికకు, పంచుకోవడానికి, "ఎందుకు అలా వచ్చింది" అని ఒకరికొకరు చెప్పుకోవడానికి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే ఆపకండి. మీకు మాట అర్థం కాకపోయినా చేతులు కనిపిస్తాయి, కట్ట విప్పారా, కట్టకుండా విడిగా లెక్కపెట్టారా అన్నది చూస్తే చాలు.

ఒక జాగ్రత్త. ప్రతి వాక్యాన్నీ తెలుగులో ఒకసారి, వెంటనే ఉర్దూలో ఒకసారి చెప్పకండి. పిల్లలు తమ భాష వచ్చేదాకా చెవి మూసుకుని కూర్చుంటారు, తెలుగు నేర్చుకోరు. వస్తువులతో పని, మాట్లాడుకోవడం ఇంటి భాషలో ముందు జరగనివ్వండి. ఆ తర్వాత అదే పనిని మీరు తెలుగులో, పూర్తిగా తెలుగులోనే, ఒకసారి చెప్పించండి. చివరగా పుస్తకంలోని ఇంగ్లీష్ వాక్యం చదివించండి. పిల్ల కట్టలు ముట్టుకోకుండా, తెలుగులో అడిగిన దానికి తెలుగులో కారణం చెప్తోందంటే ఆ సంఖ్యలకు ఇక ఉర్దూ అవసరం లేదు, మూడంకెల దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.