మొదటిసారి నాటకం వీడియో చూసేవాళ్ళు పడక సీనుతో మొదలుపెట్టండి

"ఇప్పటిదాకా ఒక్క నాటకం కూడా చూడలేదు. యూట్యూబ్‌లో పద్యనాటకాల రికార్డింగులు చాలా కనిపిస్తున్నాయి. నాలాంటివాళ్ళకి ఎక్కుతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఎక్కుతాయి. కాకపోతే మొదటిరోజే మూడు గంటల నాటకం మొత్తం పెట్టుకుని కూర్చోవద్దు. నేను అలాగే చేశాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమికి ఊళ్ళో నాటకాలు ఆడేవారని వినడమే గానీ, నాకు ఊహ తెలిసేసరికే అవి ఆగిపోయాయి. ఉద్యోగానికి పుణె వచ్చాక ఒక ఆదివారం ఫోన్లో 'కురుక్షేత్రం' పెట్టుకుని ఇరవై నిమిషాల్లో ఆపేశాను. ఎవరు మాట్లాడినా అరుస్తున్నట్టే ఉంది. మాట తెలియడం లేదు, పద్యం చివర రాగం ఎంతకీ తెగడం లేదు. నాటకం మనకి పడదులే అనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత సంక్రాంతికి ఇంటికి వెళితే తాతయ్య టీవీలో పడక సీను పెట్టమన్నాడు. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగంలోది అది. కథ మీకు తెలిసే ఉంటుంది. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు ఇద్దరూ ద్వారక వస్తారు. కృష్ణుడు నిద్రపోతుంటాడు. ముందు వచ్చిన దుర్యోధనుడు తలవైపు కూర్చుంటాడు, తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్ళ దగ్గర ఉంటాడు. కళ్ళు తెరిచిన కృష్ణుడికి ముందు అర్జునుడే కనిపిస్తాడు కాబట్టి ముందు అతన్నే పలకరిస్తాడు. ఆ తర్వాతే వెనక్కి తిరిగి "బావా యెప్పుడు వచ్చితీవు, సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్" అని దుర్యోధనుణ్ణి అడుగుతాడు.

నేను కృష్ణుడి వేషం వేసినాయన గొంతే వింటున్నాను. తాతయ్య నా మోకాలి మీద తట్టి "పాడేవాణ్ణి కాదురా, దుర్యోధనుణ్ణి చూడు" అన్నాడు. చూశాను. అర్జునుణ్ణి కుశలం అడుగుతున్నంతసేపూ దుర్యోధనుడు ఆసనంలో కదలడు. గద మీద ఉన్న చెయ్యి మాత్రం మెల్లగా బిగుసుకుంటుంది. ముందొచ్చింది తను, పలకరింపు అవతలివాడికి. "బావా" అన్న మాట పడగానే ఆ చెయ్యి వదులై, మీసం మీదికి వెళుతుంది. ఒక్క మాట లేకుండా ఆ మనిషి ఏమిటో అంతా అక్కడే తెలిసిపోయింది. నాకు నాటకం ఎక్కింది ఆ క్షణంలోనే.

మీరు వీడియో ఎంచుకునేటప్పుడు కూడా దీన్నే గుర్తుపెట్టుకోండి. హాల్లో కూర్చుంటే ఎవరిని చూడాలో మన కంటి ఇష్టం. రికార్డింగులో ఆ పని కెమెరా పట్టుకున్నవాడు చేస్తాడు. మూడు కెమెరాలు పెట్టి, పద్యం అందుకోగానే పాడేవాడి ముఖం మీదికి దూసుకెళ్ళే వీడియోలు చాలా ఉన్నాయి. చూడటానికి బొమ్మ శుభ్రంగా ఉంటుంది గానీ, అందులో దుర్యోధనుడి చెయ్యి కనబడదు. పైగా స్టేజీ నటుడు ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి అందేలా నటిస్తాడు. ఆ ముఖాన్ని తెర నిండా చూపిస్తే అరుస్తున్నట్టే ఉంటుంది, రంగు కూడా మెత్తినట్టు కనిపిస్తుంది. నాకు మొదట్లో అనిపించిన అరుపులకి సగం కారణం ఇదే. కాబట్టి మంచం, దానికి అటూ ఇటూ ఇద్దరూ ఒకే చట్రంలో కనిపించే వీడియో వెతకండి. ఒక్క కెమెరాతో తీసిందైనా సరే, అదే మేలు. ఫోన్లో మాత్రం వద్దు, మనుషులు వేలెడంత అయిపోతారు. టీవీలోనో, కనీసం ల్యాప్‌టాప్‌లోనో చూడండి.

బొమ్మ కన్నా ముందు ధ్వని చూసుకోవాలి. దానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. పద్యం కాకుండా రెండు పద్యాల మధ్య వచ్చే వచనం ఉన్నచోటికి వెళ్ళి ఒక నిమిషం వింటాను. పద్యం ఎంత పాడు రికార్డింగులోనైనా కాస్తో కూస్తో వినిపిస్తుంది, ఎందుకంటే అది పైస్థాయిలో, సాగదీసి పాడేది. వచనం అలా కాదు, హాలు గింగురుమంటే మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వచనం తెలిస్తే ఆ వీడియో ఉంచుకోండి, లేకపోతే వదిలేయండి. ప్రేక్షకుల్లోంచి ఎవరో ఫోన్తో తీసినవి చప్పట్లు కొట్టగానే పట్టుబడతాయి. ఆ హోరుకి ఫోను తనంతట తనే ధ్వని తగ్గించేస్తుంది, తర్వాతి మాటలు రెండు మూడు నీళ్ళలోంచి వచ్చినట్టుంటాయి. హార్మోనియం పక్కనే మైకు పెట్టిన రికార్డింగుల్లో పాట మునిగిపోతుంది. కాలర్ మైకులు వచ్చాక ఈ బాధ తగ్గింది గానీ, కృష్ణుడి హారాలు మైకుకి రాసుకుని గరగరలాడటం కొత్తగా వచ్చి చేరింది.

ఇక రాగం సంగతి. "బావా యెప్పుడు వచ్చితీవు" నాలుగు పాదాల శార్దూలం. చదివితే అర నిమిషం పట్టదు, స్టేజీ మీద మూడు నాలుగు నిమిషాలు సాగుతుంది. చూసేముందు ఆ నాలుగు పాదాలు ఒకసారి చదివి పెట్టుకోండి. తమ్ముళ్ళు, కొడుకులు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు అంతా క్షేమమేనా అని అడగడమే అందులో ఉన్నది. అర్థం ముందే తెలిస్తే రాగం వచ్చినప్పుడు చెవి తొందరపడదు. ఒక్కోసారి హాల్లోంచి "వన్స్ మోర్" అని కేకలేస్తారు, నటుడు అదే పద్యాన్ని మళ్ళీ అందుకుంటాడు. వీడియో వెనక్కి వెళ్ళిందేమో అనుకోకండి. మధ్యలో నాటకం ఆపి, బహుమతిగా నోట్లు ఇచ్చినవాళ్ళ పేర్లు చదవడం కూడా ఉంటుంది. అక్కడ ముందుకు జరుపుకోండి, పోయేదేమీ లేదు.

అన్ని నాటకాలూ వీడియోలో ఇలా నిలబడవు. సురభి వాళ్ళ 'మాయాబజార్' మాత్రం మొదట తెర మీద చూడొద్దనే చెబుతాను. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన కుటుంబ సంప్రదాయం వాళ్ళది. కళ్ళముందే మంటలు, బాణాలు, గాల్లో తేలే మనుషులు వాళ్ళ ప్రత్యేకత. అదే కెమెరాలో చూస్తే తీగ కనిపిస్తుంది, సినిమాతో పోల్చి చూడటం మొదలవుతుంది. వాళ్ళ ప్రదర్శన మీ ఊరొస్తే టికెట్టు కొనుక్కుని వెళ్ళండి.

పద్యం అసలు వద్దనుకుంటే పరిషత్తు పోటీల్లో ఆడే సాంఘిక నాటికలు చూడండి. గంటలోపు అయిపోతాయి, ఒకే ఇల్లు, ఒకే సెట్టు, మనం మాట్లాడుకునే తెలుగు. వచనం పరీక్ష వీటికి ఇంకా గట్టిగా పెట్టాలి, మాటలు పోతే వాటిలో మిగిలేదేమీ ఉండదు.

పడక సీను నచ్చితే తర్వాత రాయబారం పెట్టుకోండి. "చెల్లియో చెల్లకో", "జెండాపై కపిరాజు" ఎక్కడో ఒకచోట విన్నవే ఉంటాయి కాబట్టి ఈసారి చదవనక్కర్లేదు. కృష్ణుడు "అలుగుటయే యెరుంగని" అందుకున్నప్పుడు మాత్రం ఆయన్ని వదిలేసి సభలో మిగతావాళ్ళ ముఖాలు చూడండి.