జీబీఎస్ థీసిస్‌కు ఏ స్టడీ డిజైన్?

ప్రశ్న: కర్నూలులో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. గులియన్ బారే సిండ్రోమ్‌కీ, దానికి ముందు వచ్చే విరేచనాలకీ సంబంధం చూడాలి. కోహార్టా, కేస్ కంట్రోలా, క్రాస్ సెక్షనలా?

కేస్ కంట్రోల్ తీసుకోండి. జీబీఎస్ ఏడాదికి లక్షలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. కోహార్ట్ అని వెయ్యి మందిని ఏడాదంతా గమనించినా ఒక్క కేసూ దొరక్కపోవచ్చు. క్రాస్ సెక్షనల్‌లోనూ అంతే, పైగా ఏది ముందో ఏది వెనకో తేలదు.

అసలు చిక్కంతా కంట్రోల్స్ ఎంపికలోనే. 40 కేసుల్లో 16 మందికి, 80 కంట్రోల్స్‌లో 8 మందికి విరేచనాలు అయ్యాయనుకుందాం. ఆడ్స్ రేషియో (16×72)/(24×8), అంటే 6. సులువుగా దొరికారని కంట్రోల్స్‌ను గ్యాస్ట్రో వార్డు నుంచి తెచ్చారనుకోండి, 80లో 40 మందికి విరేచనాలు ఉంటాయి. రేషియో 0.67కి పడిపోతుంది. విరేచనాలే జీబీఎస్ రాకుండా కాపాడుతున్నట్టు కనిపిస్తుంది! అందుకే ఆదోని వైపు నుంచి కేసులొస్తుంటే, అదే వైపు నుంచి ఎముక విరిగి చేరినవాళ్లను తీసుకోవడం మేలు.

కాళ్లు పట్టు తప్పిన రోజుకు ముందు 6 వారాల గురించి అడగండి. కంట్రోల్స్‌నూ అంతే కాలం గురించి, అవే మాటల్లో అడగాలి. జబ్బుపడ్డవాళ్లు కారణం కోసం తవ్వి తవ్వి గుర్తు చేసుకుంటారు, కాలు విరిగినాయన అలా చేయడు. తేదీలు చెప్పలేనివాళ్లకు సంక్రాంతి, ఉగాది గుర్తు చేయండి.

సినాప్సిస్ రాసే ముందే రికార్డు రూముకెళ్లి గత రెండేళ్లలో ఎన్ని జీబీఎస్ కేసులు చేరాయో లెక్కపెట్టండి. 40కి బాగా తక్కువుంటే మీ గైడ్‌తో మాట్లాడి ప్రశ్ననే మార్చుకోండి.