యూరియా 62 నుంచి 30కి వచ్చింది, నిజంగా తగ్గినట్టేనా?

ప్రశ్న: మా నాయినకు 61 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. పోయిన ఏడాది మహబూబ్‌నగర్‌లో టెస్ట్ చేయిస్తే బ్లడ్ యూరియా 62, క్రియాటినిన్ 1.8 వచ్చింది. మొన్న హైదరాబాద్‌లో చేయిస్తే బీయూఎన్ 30, క్రియాటినిన్ 1.7 అని ఉంది. రెండు కాగితాల మీదా ఎంజీ పర్ డీఎల్ అనే రాసి ఉంది. సగానికి తగ్గింది కదా, ఇక గోలీలు బందు చేస్తానంటున్నాడు. నిజంగానే తగ్గిందా?

జవాబు: తగ్గలేదు. ఎక్కడిది అక్కడే ఉంది. ముందు గోలీలు ఆపకుండా చూడండి, మిగతాది తర్వాత చదవండి.

నేను నల్లగొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రెండు ల్యాబ్‌ల కాగితాలు పట్టుకొని మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ యూరియా సంగతే. యూనిట్ మారితే జనం ఎలాగో కనిపెడతారు. ఇక్కడ యూనిట్ ఒకటే, కొలిచిన వస్తువే వేరు, అందుకే చదువుకున్నవాళ్లు కూడా పొరబడుతుంటారు.

బ్లడ్ యూరియా అని రాస్తే రక్తంలో ఉన్న మొత్తం యూరియా బరువు. బీయూఎన్ అంటే బ్లడ్ యూరియా నైట్రోజన్, అంటే ఆ యూరియాలో ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే. ఒకే బస్తాను ఒకరు వడ్లుగా తూచి, ఇంకొకరు మర పట్టించాక బియ్యంగా తూచి చెప్పినట్టు. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ వాటా 28. 60ని 28తో భాగిస్తే 2.14 వస్తుంది. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే బ్లడ్ యూరియా అవుతుంది. మీ నాయిన 30ని గుణించి చూడండి, 64 వస్తుంది. పోయిన ఏడాది 62. ఆ రెండు పాయింట్ల తేడా అసలు తేడానే కాదు, ఒక పూట నీళ్లు తక్కువ తాగినా అంత మారుతుంది.

పేరు సరిగ్గా లేని రిపోర్టులు కూడా వస్తుంటాయి. పైన యూరియా అని ఉంటుంది కానీ లోపల లెక్క బీయూఎన్‌ది. అప్పుడు పక్కన వేసిన నార్మల్ రేంజ్ చూడండి. 7 నుంచి 20 దగ్గర ఉంటే అది బీయూఎన్, 15 నుంచి 40 దగ్గర ఉంటే బ్లడ్ యూరియా. ల్యాబ్‌ను బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి గానీ రెండూ కలిసిపోయేంత దగ్గరకు రావు. రేంజ్ కూడా వేయకపోతే ల్యాబ్‌కు ఫోన్ చేసి అడగాల్సిందే.

అసలు కిడ్నీ ఎలా ఉందో తెలుసుకోవడానికి యూరియా ఒక్కటే పట్టుకొని కూర్చోవద్దు. ఎండాకాలం చెమట పోసి నీళ్లు తగ్గినా, మాంసం ఎక్కువ తిన్నా, కడుపులో రక్తస్రావం అయినా అది పెరుగుతుంది. క్రియాటినిన్ అంతకంటే నిలకడగా ఉంటుంది. మీ నాయిన క్రియాటినిన్ 1.8 నుంచి 1.7కు వచ్చింది, అంటే కదలలేదనే లెక్క. కిడ్నీ పని బాగుపడి యూరియా సగం అయ్యుంటే క్రియాటినిన్ కూడా బాగా దిగి ఉండేది. ఆ దిగడం లేదంటేనే అనుమానం రావాలి.

ఆ 0.1 తేడా కూడా ఎందుకు వస్తుందో చెబుతా. క్రియాటినిన్ తీయడానికి రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి. పాతది, చవకైనది జాఫే పద్ధతి. పిక్రిక్ యాసిడ్‌తో కలిస్తే వచ్చే నారింజ రంగును మెషిన్ చదువుతుంది. చిక్కేమిటంటే రక్తంలోని ప్రొటీన్లు, షుగర్, కీటోన్లు కూడా కొంత రంగు తెప్పిస్తాయి, అందుకని అంకె కాస్త ఎక్కువ పడవచ్చు. రెండోది ఎంజైమాటిక్, దానికి ఈ ఇబ్బంది తక్కువ, ఖర్చు ఎక్కువ. ఒక ల్యాబ్ జాఫే, ఇంకో ల్యాబ్ ఎంజైమాటిక్ వాడితే ఒకే రక్తానికి 0.1, 0.2 తేడా రావడం మామూలే. పద్ధతి పేరు చాలా రిపోర్టుల్లో టెస్ట్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మా మేనమామది మిర్యాలగూడ. కొడుకు దగ్గరికని దుబాయ్ పోయినప్పుడు అక్కడ టెస్ట్ చేయిస్తే క్రియాటినిన్ 150 అని వచ్చింది. ఇక్కడ ఉన్నప్పుడు 1.7 ఉండేది. రాత్రి పూట ఫోన్ చేసి, "కిడ్నీలు ఫెయిలైనయ్‌రా, డయాలసిస్ అంటరేమో" అని ఒకటే టెన్షన్. కాగితం ఫోటో పంపించమన్నాను. గల్ఫ్‌లో చాలాచోట్ల క్రియాటినిన్‌ను లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇస్తారు. దాన్ని 88.4తో భాగించాలి. 150ని భాగిస్తే 1.7 వచ్చింది, మామది పాత అంకే. అదే కాగితంలో యూరియా 10.4 అని, లీటరుకు మిల్లీమోల్స్‌లో ఉంది. దాన్ని 6తో గుణిస్తే మన 62. క్రియాటినిన్ చూసి భయపడిన మనిషి యూరియా చూసి సంతోషపడాలి కదా, అదేమో పట్టించుకోలేదు!

ఇక లావు అక్షరాల హెచ్ గుర్తు. ఆడవాళ్లకు ఒక ల్యాబ్ క్రియాటినిన్ రేంజ్ 0.6 నుంచి 1.1 అని వేస్తుంది, ఇంకో ల్యాబ్ ఆడ మగ తేడా లేకుండా 0.7 నుంచి 1.3 అని వేస్తుంది. మా అత్తమ్మకు 1.2 వస్తే మొదటి కాగితంలో హెచ్ పడుతుంది, రెండో దాంట్లో పడదు. ఆమె రక్తం మారలేదు. కాబట్టి హెచ్ పోయిందని సంబరపడటం, వచ్చిందని బెదరడం రెండూ వద్దు. అంకెను పాత అంకెతో పోల్చండి, అదీ యూనిట్, పద్ధతి కలిశాకనే.

ఈజీఎఫ్ఆర్ అని, కిడ్నీ రక్తాన్ని ఎంత వడపోస్తుందో చెప్పడానికి రిపోర్టు కింద వచ్చే అంకెతో ఇంకా జాగ్రత్త. అది కొలిచింది కాదు, క్రియాటినిన్, వయసు, ఆడ మగ బట్టి ఫార్ములాతో లెక్కగట్టింది. మీ నాయిన 61 ఏళ్లకు, 1.8 క్రియాటినిన్‌కు పాత ఎండీఆర్‌డీ ఫార్ములా 39 దాకా ఇస్తుంది, 2021లో వచ్చిన సీకేడీ-ఎపి ఫార్ములా 42 ఇస్తుంది. మొన్నటి 1.7ను కొత్త ఫార్ములాలో వేస్తే 45 వస్తుంది. కిడ్నీ జబ్బు స్టేజి 3బి, అంతకంటే మెరుగైన 3ఏ మధ్య గీత 45 దగ్గరే ఉంటుంది. ల్యాబ్, ఫార్ములా రెండూ మారితే 39 నుంచి 45కు ఎక్కి, కాగితం మీద ఒక స్టేజి బాగుపడినట్టు కనిపిస్తుంది. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఈజీఎఫ్ఆర్ ఒక్కటి చెప్పకండి, క్రియాటినిన్ కూడా చెప్పండి. రెండు కాగితాలూ ఇస్తే ఆయనే ఒక ఫార్ములాలో లెక్క కట్టి చూస్తారు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఒక నోట్‌బుక్కులో తేదీ, ల్యాబ్ పేరు, క్రియాటినిన్, యూనిట్, పద్ధతి, యూరియానా బీయూఎన్‌ఆ అన్నది ఒకే వరుసలో రాస్తూ పోండి. పాత రిపోర్టులు పారేయొద్దు. థర్మల్ పేపర్ మీద వచ్చినవి చెరిగిపోతాయి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. వచ్చే టెస్ట్ ఈ రెండు ల్యాబ్‌లలో ఏదో ఒకదాంట్లోనే చేయించండి. గోలీల సంగతి మాత్రం మీ నాయినను డాక్టర్‌నే అడగమనండి. బీపీకి ఇచ్చే కొన్ని గోలీలు కిడ్నీని కాపాడటానికి కూడా ఇస్తారు, అంకె బాగుందని వాటిని ఆపేస్తే నష్టం కిడ్నీకే.