ప్రొఫైల్ ఫోటో పరీక్షించే స్క్రిప్టు: మసక ముఖం ఎలా పాస్ అయింది?

ప్రశ్న: నేను హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను సార్. ప్రొఫైల్ ఫోటోలో స్పష్టత, వెలుతురు, ముఖం సరిగా ఉన్నాయో లేదో అప్‌లోడ్‌కు ముందే చూసే స్క్రిప్టును పైథాన్‌లో, ఓపెన్‌సీవీతో రాశాను. లాప్లేసియన్ విలువ 100 దాటితే పాస్. కానీ వేయిస్తంభాల గుడి దగ్గర తీసిన ఒక ఫోటోలో ముఖం మసకగా ఉన్నా పాస్ అయింది. దీన్ని రెజ్యూమేలో పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. అయితే ఆ ఫోటో ఎందుకు పాస్ అయిందో మీరు వివరించగలిగిన తరువాతే పెట్టండి. ఇంటర్వ్యూ చేసేవారికి పాసైన వంద ఫోటోల కంటే ఆ ఒక్కటే ఆసక్తి కలిగిస్తుంది.

లాప్లేసియన్ పక్కపక్క పిక్సెళ్ల మధ్య వెలుగు ఎంత హఠాత్తుగా మారుతున్నదో చూస్తుంది. ఆ విలువల వేరియన్స్ ఎక్కువైతే అంచులు పదునుగా ఉన్నట్లు లెక్క. మీరు దాన్ని మొత్తం ఫోటో మీద కొలిచి ఉంటారు. స్తంభాల మీది చెక్కడాలన్నీ అంచులే కనుక, కెమెరా ఫోకస్ వెనుక రాతి మీద పడితే మొత్తం ఫోటోకు, ఉదాహరణకు, 600 వచ్చి, ముఖం వరకే కొలిస్తే 30 రావడంలో వింత లేదు. అందుచేత మొదట ముఖాన్ని గుర్తించి, ఆ భాగాన్నే ఒకే కొలతకు తెచ్చి కొలవాలి:

```python
x, y, w, h = face
crop = cv2.resize(gray[y:y+h, x:x+w], (200, 200),
                  interpolation=cv2.INTER_AREA)
score = cv2.Laplacian(crop, cv2.CV_64F).var()
```

ముఖం వెడల్పు 200 పిక్సెళ్లకు తక్కువుంటే ఈ వరుసల దాకా రానివ్వకుండా "దగ్గరగా తీయండి" అని తిప్పి పంపండి, ఎందుకంటే చిన్న ముఖాన్ని సాగదీస్తే స్పష్టమైనది కూడా మసకగానే తేలుతుంది. హార్ క్యాస్కేడ్ వాడుతున్నట్లయితే అది శిల్పాలను కూడా ముఖాలుగా పట్టుకోవచ్చు. ఒకటి కంటే ఎక్కువ దొరికినప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి.

ఇక 100 అనే హద్దు. అది చాలా ట్యుటోరియళ్లలో కనిపించే అంకె మాత్రమే, మీ ఫోటోలకు సరిపోతుందన్న హామీ ఏదీ లేదు. స్నేహితుల అనుమతితో వేర్వేరు ఫోన్లలో తీసిన ఫోటోలు సేకరించి, స్క్రిప్టు చూడకముందే మీ కంటితో పనికొచ్చేవీ రానివీ వేరు చేసి, రెండు గుంపుల విలువలు ఎక్కడ విడిపోతున్నాయో చూసి హద్దు పెట్టండి. తక్కువ వెలుతురులో తీసిన ఫోటోల గరుకుదనం కూడా అంచుల్లాగే లెక్కకు వస్తుంది కనుక, రాత్రి ఫోటోలు కొన్ని తప్పక ఉండాలి.

వెలుతురు విషయంలో నేను మరింత జాగ్రత్త కోరుతాను. ముఖం సగటు వెలుగు ఇంతకంటే తక్కువైతే ఫెయిల్ అని రాస్తే, మంచి వెలుతురులో నిలబడిన చామనఛాయ మనిషిని కూడా స్క్రిప్టు తిప్పి పంపుతుంది. దానికి బదులు, ముఖంలో పూర్తి నలుపుకు లేదా పూర్తి తెలుపుకు చేరి వివరం పోయిన పిక్సెళ్లు ఎంత శాతమో చూడడం మేలు. వెనుక ఆకాశం ఉండి ముఖం నీడలో పడిన ఫోటోలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. నల్లని గడ్డం, జుట్టు కూడా నలుపు శాతాన్ని పెంచుతాయి కాబట్టి దీన్ని కళ్ల కింద, బుగ్గల మీదే కొలవండి.

రెజ్యూమేలో "ఓపెన్‌సీవీ వాడాను" అని రాయకుండా, మొత్తం ఫోటో నుంచి ముఖం భాగానికి మారాక మంచి ఫోటోలు ఎన్ని తప్పుగా తిరస్కరించబడ్డాయో, మసకవి ఎన్ని తప్పించుకున్నాయో మీ సొంత లెక్కతో రెండు వరుసలు రాయండి.